కంటెయినర్‌లో చోటుకే కిరాయి: దిగుమతి ఖర్చులను విలువ శాతంతో ఎందుకు పంచకూడదు

దిగుమతి లెక్కలు రాసే వాళ్ళలో చాలామందికి ఒక అలవాటు ఉంటుంది, నాకూ చాలాకాలం ఉండేది. సరుకు ఇన్వాయిస్ ధర మీద ముందుగా నిర్ణయించుకున్న ఒక శాతాన్ని, ఉదాహరణకు 30 శాతాన్ని, కలిపేసి అదే యూనిట్ ల్యాండెడ్ కాస్ట్, అంటే గోదాముకు చేరేసరికి ఒక్కోదానికి పడిన ఖర్చు, అని స్టాక్ రిజిస్టర్‌లో రాసుకోవడం ఆ అలవాటు. ఓడ కిరాయి, బీమా, సుంకం, రేవు హ్యాండ్లింగ్, లారీ కిరాయి ఇలా విడివిడిగా వచ్చే బిల్లులన్నిటినీ ఒక క్లియరింగ్ ఖాతాలో ఖర్చు రాసి, స్టాక్‌లో కలిపిన 30 శాతాన్ని అదే ఖాతాకు జమ రాసేవాణ్ణి. షిప్‌మెంటు పూర్తయ్యేసరికి ఆ ఖాతాలో మిగులు దాదాపు సున్నాకు వస్తే శాతం సరిగ్గా ఉందని అర్థం చేసుకునేవాణ్ణి.

ఆ నమ్మకం ఎలా చెడిందో చెప్పడానికి రెండు షిప్‌మెంట్లు చాలు. మొదటిదాంట్లో క్లియరింగ్ ఖాతా మిగులు 240 మాత్రమే వచ్చింది. అసలు ఖర్చు 29,760 అయితే శాతం ప్రకారం నేను స్టాక్‌లో కలిపింది 30,000. ఇంత దగ్గరగా వచ్చినందుకు లోలోపల కొంచెం మురిసిపోయాను కూడా. తరువాతి షిప్‌మెంటులో కిరాయి రేటు మారలేదు, సుంకం రేట్లు మారలేదు, ఏజెంటు కూడా పాత ఏజెంటే, కానీ ఖాతాలో 7,465 తేలకుండా మిగిలిపోయింది. ఎవరో ఒక బిల్లు రెండుసార్లు పంపారేమోనని రెండు రోజులు వెతికాను. బిల్లులన్నీ సరిగ్గానే ఉన్నాయి. మారిందల్లా కంటెయినర్ లోపల ఏ సరుకు ఎంత ఉందన్న పాళ్ళు మాత్రమే. (లెక్క ఏ కరెన్సీలోనైనా ఒకటే కాబట్టి దాని పేరు వదిలేసి, అర్థం కావడానికి వీలుగా అంకెలను గుండ్రం చేసి రాస్తున్నాను.)

మొదటి షిప్‌మెంటులో రెండే సరుకులు. చేతి డ్రిల్ మిషన్లు 1,000, ఒక్కొక్కటి 80. ప్లాస్టిక్ టబ్బులు 4,000, ఒక్కొక్కటి 5. అంటే డ్రిల్లుల విలువ 80,000, టబ్బుల విలువ 20,000, మొత్తం లక్ష. డ్రిల్లులు పదేసి చొప్పున 100 కార్టన్లలో వచ్చాయి, ఒక్కో కార్టన్ 0.05 ఘన మీటరు, కాబట్టి మొత్తం 5 ఘన మీటర్లు. టబ్బులు ఒకదానిలో ఒకటి దూర్చి ఇరవయ్యేసి చొప్పున 200 కార్టన్లలో వచ్చాయి, ఒక్కో కార్టన్ 0.1 ఘన మీటరు, కాబట్టి మొత్తం 20 ఘన మీటర్లు. రెండూ కలిపి 25 ఘన మీటర్లు, ఇరవై అడుగుల కంటెయినర్ ఒకటి దాదాపుగా నిండిపోయింది. బరువు సుమారు 6 టన్నులే కాబట్టి బరువు పరిమితి ప్రసక్తి రాలేదు, చోటు పరిమితే వచ్చింది.

ఈ సరుకు గోదాముకు చేరడానికి అయిన ఖర్చులు ఇవి: ఓడ కిరాయి 10,000, బీమా 500, సుంకం 13,260, రేవు హ్యాండ్లింగ్ 3,000, గోదాము దాకా లారీ 2,000, క్లియరింగ్ ఏజెంటు రుసుము 1,000. కలిపితే 29,760. ఇవి కాక ఆ ఫైలులో మరో రెండు చెల్లింపులు ఉన్నాయి, వాటిని స్టాక్ విలువలో కలపకూడదు. ఒకటి కస్టమ్స్ దగ్గర సుంకంతో పాటు కట్టిన 10 శాతం విలువ ఆధారిత పన్ను, 12,376. అది తరువాత అమ్మకపు పన్నులో సర్దుబాటై తిరిగి వచ్చేది కాబట్టి సరుకు ఖర్చు కాదు, రావలసిన బాకీ. తిరిగి రాని పన్ను అయితే మాత్రం సుంకంలాగే సరుకు మీదికి ఎక్కుతుంది. రెండవది పత్రాలు ఆలస్యంగా అందినందుకు రేవులో కట్టిన డెమరేజ్ 1,500. సరుకు రావాలంటే తప్పక పెట్టవలసిన ఖర్చు కాదది, మా నిర్లక్ష్యానికి కట్టిన మూల్యం, కాబట్టి ఆ నెల లాభనష్టాల ఖాతాలోకే పోవాలి. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 ఈ విషయంలో స్పష్టంగానే ఉంది: కొనుగోలు ధర, దిగుమతి సుంకాలు, తిరిగి రాని పన్నులు, రవాణా, హ్యాండ్లింగ్, ఇంకా కొనుగోలుకు నేరుగా సంబంధించిన ఖర్చులు లోపలికి, అసాధారణ నష్టాలు, గోదాములో నిల్వ అద్దె, పరిపాలన ఖర్చులు, అమ్మకం ఖర్చులు బయటికి.

ఏవి కలపాలో ప్రమాణం చెబుతుంది కానీ, ఒకే బిల్లు కింద వచ్చిన పది రకాల సరుకుల మధ్య ఆ బిల్లును ఏ పద్ధతిలో పంచాలో చెప్పదు. నేరుగా సంబంధించినది అన్న మాటను ఆధారం చేసుకుని మనమే తేల్చుకోవాలి. పుస్తకాలు తప్పేది దాదాపు ఎప్పుడూ ఈ పంపకంలోనే.

విలువ శాతం పద్ధతిలో 29,760 ఖర్చు లక్ష విలువ మీద సమానంగా పరుచుకుంటుంది, అంటే ప్రతి సరుకు మీదా 29.76 శాతం. ఆ ప్రకారం డ్రిల్లు 103.81, టబ్బు 6.49. ఇప్పుడు ఇదే ఖర్చును, ఏ బిల్లు ఏ కారణంగా పుట్టిందో చూసి పంచుదాం.

ఓడ కంపెనీ కంటెయినర్‌కు కిరాయి తీసుకుంటుంది. లోపల డ్రిల్లులున్నాయా టబ్బులున్నాయా అన్నది దానికి పట్టదు. రేవులో క్రేను కంటెయినర్‌నే ఎత్తుతుంది, లారీ కంటెయినర్‌నే మోస్తుంది. కాబట్టి కిరాయి, రేవు హ్యాండ్లింగ్, లారీ, ఈ మూడూ కలిసిన 15,000 చోటు కోసం కట్టిన డబ్బు. 25 ఘన మీటర్లకు 15,000 అంటే ఘన మీటరుకు 600. డ్రిల్లు ఒక్కొక్కటి 0.005 ఘన మీటరు, కాబట్టి దాని వాటా 3. దూర్చి కట్టిన టబ్బు కూడా సరిగ్గా 0.005 ఘన మీటరే, కాబట్టి దాని వాటా కూడా 3. విషయమంతా ఈ రెండు 3 అంకెల్లోనే ఉంది. 80 ఖరీదు చేసే డ్రిల్లుకు 3 అంటే నాలుగు శాతం కూడా కాదు. 5 ఖరీదు చేసే టబ్బుకు 3 అంటే అరవై శాతం.

బీమా సంగతి వేరు. అది విలువను బట్టి కట్టేది కాబట్టి విలువను బట్టే పంచాలి: డ్రిల్లులకు 400, టబ్బులకు 100. ఏజెంటు రుసుము కస్టమ్స్ డిక్లరేషన్‌లోని వరుసల సంఖ్యను బట్టి ఉంది, రెండు వరుసలకు చెరి 500 వేశాను. ఇంత చిన్న మొత్తాన్ని ఏ పద్ధతిలో పంచినా ప్రమాదం లేదు, దాని మీద గంట కాలం వెచ్చించడమే నష్టం.

సుంకాన్ని మాత్రం పంచనే కూడదు. ఎందుకంటే కస్టమ్స్ డిక్లరేషన్‌లో ఏ వరుసకు ఎంత సుంకమో ముందే లెక్కగట్టి ఉంటుంది, దాన్ని అలాగే దించుకోవాలి. ఇక్కడ డ్రిల్లుల మీద 10 శాతం, టబ్బుల మీద 20 శాతం. చాలా దేశాల్లో కస్టమ్స్ విలువ అంటే ఓడ కిరాయి, బీమా కలిసిన విలువ. అమెరికా వంటి కొన్నిచోట్ల ఎగుమతి రేవు దగ్గరి విలువ మాత్రమే. ఈ డిక్లరేషన్‌లో కిరాయినీ బీమానూ సరుకు విలువను బట్టి వరుసలకు సర్దారు, అందువల్ల డ్రిల్లుల కస్టమ్స్ విలువ 88,400, సుంకం 8,840 అయింది. టబ్బుల కస్టమ్స్ విలువ 22,100, సుంకం 4,420 అయింది. కస్టమ్స్ వారు కిరాయిని విలువను బట్టి సర్దారు కాబట్టి మన పుస్తకాల్లోనూ అలాగే సర్దాలని కొందరు వాదిస్తారు. వాళ్ళ సర్దుబాటు ఎంత సుంకం కట్టాలో తేల్చడానికి చేసింది. కట్టిన సుంకం ఎంతో అంతే ఖర్చు, దానితో పేచీ లేదు. కానీ కిరాయి అసలు ఏ సరుకు వల్ల అయిందన్న ప్రశ్నకు ఆ కాగితం జవాబు చెప్పదు.

అన్నీ కలిపితే ఇలా తేలుతుంది.

| | డ్రిల్లులు | టబ్బులు |
|---|---|---|
| ఇన్వాయిస్ విలువ | 80,000 | 20,000 |
| కిరాయి, రేవు, లారీ (చోటును బట్టి) | 3,000 | 12,000 |
| బీమా (విలువను బట్టి) | 400 | 100 |
| సుంకం (డిక్లరేషన్ ప్రకారం) | 8,840 | 4,420 |
| ఏజెంటు | 500 | 500 |
| మొత్తం | 92,740 | 37,020 |
| ఒక్కొక్కటి | 92.74 | 9.26 |

శాతం పద్ధతిలో 6.49 అనుకున్న టబ్బు నిజానికి 9.26 పడింది. 103.81 అనుకున్న డ్రిల్లు 92.74కే వచ్చింది. మేము టబ్బును 8కి అమ్ముతున్నాం, ఒక్కోదాని మీద ఒకటిన్నర లాభమని పుస్తకం చెబుతూ ఉంటే, అమ్మిన ప్రతి టబ్బు మీదా 1.26 చొప్పున పోతోంది. డ్రిల్లు 110కి అమ్మితే 6 మాత్రమే మిగులుతోందని, పోటీలో తగ్గించడానికి వీల్లేదని చెప్పి ఆర్డర్లు వదులుకున్నాం. అక్కడ మిగులుతున్నది 17.

ఈ తప్పును ఎవరూ పట్టుకోలేకపోవడానికి కారణం రెండు పద్ధతుల్లోనూ మొత్తం 1,29,760 కావడమే. స్టాక్ ఖాతా లెడ్జర్‌తో సరిపోతుంది, బిల్లులతో సరిపోతుంది, సంవత్సరాంతంలో ఆడిటరు మొత్తాన్ని సరిచూసి టిక్కు పెడతారు. తప్పు ఒక సరుకు జేబులోంచి ఇంకో సరుకు జేబులోకి పోయింది, ఇల్లు దాటలేదు కాబట్టి కూడిక దాన్ని చూపదు.

అయితే అది ఎల్లకాలం దాగి ఉండదు, ఎందుకంటే తప్పు లాభం చూసి మనుషులు నిర్ణయాలు తీసుకుంటారు. టబ్బుల మీద మార్జిన్ బాగుందని, డ్రిల్లుల మీద బాగాలేదని కొనుగోలు విభాగం తరువాతి కంటెయినర్‌లో డ్రిల్లులను 500కు తగ్గించి టబ్బులను 4,500కు పెంచింది. చోటు మళ్ళీ అదే 25 ఘన మీటర్లు, కిరాయి, రేవు, లారీ కలిసి అదే 15,000. కానీ సరుకు విలువ లక్ష నుంచి 62,500కు పడిపోయింది. సుంకం, బీమా, ఏజెంటు కలుపుకుని దిగుమతి ఖర్చు 26,215 అయింది, అంటే విలువ మీద దాదాపు 42 శాతం. నేను యథాప్రకారం 30 శాతం, అంటే 18,750 కలిపాను. తేలని 7,465 అదే. మొదటి షిప్‌మెంటులో 240 మాత్రమే మిగలడం శాతం సరైనదని కాదు, ఆ ప్రత్యేకమైన పాళ్ళకు అది కాకతాళీయంగా సరిపోయిందని.

కాబట్టి పంపకం తప్పని తెలుసుకోవడానికి నేను చూసే మొదటి గుర్తు ఇదే: రేట్లేవీ మారకుండా షిప్‌మెంటు షిప్‌మెంటుకూ దిగుమతి ఖర్చు శాతం ఊగుతూ ఉంటే, ఆ ఊపు సరుకుల పాళ్ళతో పాటు కదులుతూ ఉంటే, శాతాన్ని 30 నుంచి 35కు మార్చినంత మాత్రాన బాగుపడదు. క్లియరింగ్ ఖాతాను షిప్‌మెంటు వారీగా విడదీసి ఉంచితేనే ఈ ఊపు కనిపిస్తుంది. అన్ని షిప్‌మెంట్లనూ ఒకే ఖాతాలో వేస్తే ఒకదాని ఎక్కువ ఇంకొకదాని తక్కువను కప్పేస్తుంది.

ఖరీదైన సరుకు ఎక్కువ ఖర్చును మోయగలదు, చవక సరుకు మీద వేస్తే అది అమ్ముడుపోదు, అందుకే విలువను బట్టి పంచడమే న్యాయమనే వాదన నేను చాలాసార్లు విన్నాను. మోయగలగడం అన్నది అమ్మకపు ధర నిర్ణయించేటప్పుడు ఆలోచించవలసిన విషయం. డ్రిల్లు మీద లాభం ఎక్కువ తీసుకుని టబ్బును నష్టానికి అమ్మాలని యజమాని తెలిసి నిర్ణయించుకుంటే అది వ్యాపారం, దానికి నా అభ్యంతరం లేదు. ఖర్చు లెక్కలోనే ఆ మోతను కలిపేసి, నష్టానికి అమ్ముతున్నామన్న సంగతే ఎవరికీ తెలియకుండా చేయడం మీదనే నా అభ్యంతరం.

విలువ శాతం ఎక్కడా పనికిరాదని కూడా అనను. కంటెయినర్ నిండా ఒకే తరహా సరుకు, ఘన మీటరుకు విలువ దాదాపు సమానం, సుంకం రేటు ఒకటే అయినప్పుడు ఏ పద్ధతిలో పంచినా ఒకే జవాబు వస్తుంది, అలాంటప్పుడు సులువైనదే మేలు. అందుకే నేను ఇప్పుడు ముందు ఒక చిన్న లెక్క చేస్తాను: ప్రతి సరుకుకూ ఘన మీటరుకు విలువ ఎంతో రాసుకుంటాను. ఇక్కడ డ్రిల్లులకు అది 16,000, టబ్బులకు 1,000. పదహారు రెట్ల తేడా ఉన్నచోట శాతం పద్ధతికి చోటు లేదు. తేడా పదో పరకో శాతమైతే పట్టించుకోను.

చోటు అన్నాను కానీ, అన్ని సరుకులకూ చోటే కొలత కాదు. కంటెయినర్ సగం కూడా నిండకముందే బరువు పరిమితి దాటే సరుకులుంటాయి, వాటికి బరువే కొలత. కంటెయినర్ మొత్తం కాక కొంత భాగమే తీసుకున్నప్పుడు ఓడ కిరాయి సాధారణంగా ఘన మీటరుకా టన్నుకా, ఏది ఎక్కువైతే దానికి వేస్తారు. విమానంలో అయితే ఒక ఘన మీటరును సుమారు 167 కిలోలుగా లెక్కగట్టి, అసలు బరువుతో పోల్చి, ఎక్కువైనదానికి కిరాయి వేస్తారు. కిరాయి బిల్లును ఏ కొలత మీద వేశారో ఆ కొలత మీదే పంచాలి. అది బిల్లు మీదే రాసి ఉంటుంది, కానీ అకౌంట్స్‌కు వచ్చే సరికి ఎవరూ మొత్తం తప్ప మిగతా గడులు చదవరు.

చోటు అంకె ఎక్కడినుంచి తెచ్చుకోవాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది, నేను రెండవసారి బోల్తా పడింది అక్కడే. శాతం మానేసి ఘనపరిమాణం వాడదామనుకున్న మొదటి నెలలో, సాఫ్ట్‌వేర్‌లోని సరుకు వివరాల్లో ఒక టబ్బు పరిమాణం 0.04 ఘన మీటరు అని ఎవరో నమోదు చేసి ఉన్నారు. విడి టబ్బును టేపుతో కొలిస్తే అది నిజమే. కానీ టబ్బులు వచ్చేది ఒకదానిలో ఒకటి దూరి. 4,000 టబ్బులను 0.04తో గుణిస్తే 160 ఘన మీటర్లవుతాయి, అవి ఈ కంటెయినర్‌లో పట్టే అవకాశమే లేదు. అయినా లెక్క ఆగలేదు, 15,000లో 97 శాతం టబ్బుల మీద వేసి డ్రిల్లులను దాదాపు ఉచితంగా మోసుకొచ్చింది. అప్పటినుంచి నేను సరుకు వివరాల్లోని అంకెను నమ్మను. ప్యాకింగ్ లిస్టులో ఉండే కార్టన్ కొలతలను కార్టన్ల సంఖ్యతో గుణించి, ఆ మొత్తం ఓడ పత్రంలో రాసిన మొత్తం ఘన మీటర్లతో సరిపోతుందో లేదో చూస్తాను. సరిపోకపోతే పంపకం మొదలుపెట్టను.

సాఫ్ట్‌వేర్ ప్రసక్తి వచ్చింది కాబట్టి రెండు మాటలు. ఒడూలో ల్యాండెడ్ కాస్ట్ ప్రతి వరుసకూ విడిగా పంపక పద్ధతి ఎంచుకోవచ్చు: `Equal`, `By Quantity`, `By Current Cost`, `By Weight`, `By Volume`. సరుకు వివరాల్లో ఘనపరిమాణం గడి ఖాళీగా ఉన్న సరుకుకు చివరి పద్ధతిలో వాటా సున్నా పడుతుంది, తక్కినవి ఆ భారాన్ని మోస్తాయి. ఈఆర్‌పీనెక్స్ట్‌లోని `Landed Cost Voucher`లో సంఖ్యను బట్టో, విలువను బట్టో పంచుతుంది; చోటును బట్టి పంచాలంటే `Distribute Manually` ఎంచుకుని మన లెక్కను చేత్తో ఎక్కించాలి. నా ఉదాహరణలో డ్రిల్లు, టబ్బు పరిమాణాలు ఒకటే కాబట్టి కిరాయిని సంఖ్యను బట్టి పంచినా అదే 3 వస్తుంది, కానీ అది ఈ రెండు సరుకుల విషయంలో కుదిరిన యాదృచ్ఛికం, దాన్ని పద్ధతిగా తీసుకోకూడదు.

పంపకం మన చేతుల్లో లేకుండా పోయే సందర్భం ఒకటుంది. అమ్మేవాడు సీఐఎఫ్ ధర ఇచ్చినప్పుడు ఓడ కిరాయి, బీమా యూనిట్ ధరలోనే కలిసిపోయి వస్తాయి. మనకు వేరే కిరాయి బిల్లు రాదు, పని తగ్గిందనిపిస్తుంది. కానీ అమ్మేవాడు కిరాయిని తన సరుకుల ధరల్లోకి ఎలా సర్దాడో మనకు తెలియదు. సర్వసాధారణంగా అందరిలాగే విలువ శాతంతో సర్ది ఉంటాడు. అప్పుడు మనం ఎంత శ్రద్ధగా లెక్కించినా టబ్బు చవగ్గానూ డ్రిల్లు ఖరీదుగానూ కనిపించే తప్పు ఇన్వాయిస్‌తోనే దిగుమతి అవుతుంది. అందుకని సీఐఎఫ్ కొనుగోలు అయినా కిరాయిని ఇన్వాయిస్‌లో విడిగా చూపమని అడుగుతాను, చాలామంది చూపుతారు. దీనికి ఎదురుగా ఇంకో తప్పు కూడా జరుగుతుంది: సీఐఎఫ్ ధర మీద కూడా అలవాటుగా పాత 30 శాతమే కలిపేసి కిరాయిని రెండుసార్లు మోయించడం. క్లియరింగ్ ఖాతాలో జమ నిల్వ పేరుకుపోతూ ఉంటే ముందు దీన్నే అనుమానించాలి. సీఐఎఫ్ అయినా దిగుమతి రేవులో హ్యాండ్లింగ్, సుంకం, లారీ మాత్రం కొనేవాడివేనని మరిచిపోకూడదు.

విదేశీ మారకం గురించి ఎక్కువ చెప్పను. సరుకు మన అధీనంలోకి వచ్చిన రోజు రేటుతో స్టాక్ రాస్తాం. తరువాత బాకీ తీర్చే రోజుకు రేటు పెరిగితే ఆ తేడా మారకపు నష్టం, అది సరుకు మీదికి ఎక్కదు. ముందే అడ్వాన్సు కట్టి ఉంటే ఆ భాగం మటుకు అడ్వాన్సు కట్టిన రోజు రేటుతోనే నిలుస్తుంది. కస్టమ్స్ వారు డిక్లరేషన్‌కు వాడే రేటు వేరు, వారు ప్రకటించేది. అందువల్ల డిక్లరేషన్‌లోని విలువ మన ఇన్వాయిస్ నమోదుతో సరిపోకపోవడం మామూలే. సరిపోలేదని చెప్పి స్టాక్ విలువను డిక్లరేషన్‌కు తగ్గట్టు దిద్దిన పుస్తకాలను నేను చూశాను. అక్కడినుంచి తీసుకోవలసింది సుంకం మొత్తం ఒక్కటే.

అసలు చిక్కు కాలంతో వస్తుంది. సరుకు గోదాములోకి వచ్చి అమ్మకం మొదలయ్యాక కూడా బిల్లులు వస్తూనే ఉంటాయి. మొదటి షిప్‌మెంటునే శాతంతో కాక ఈ కొత్త పద్ధతిలో రాశామనుకుందాం: రేవు హ్యాండ్లింగ్, లారీ కలిసి 3,000 అవుతాయని అంచనా వేసి ముందుగానే స్టాక్‌లోకి ఎక్కించాం. నెల తరువాత అసలు బిల్లులు 5,000కు వచ్చాయి. అదనపు 2,000లో చోటును బట్టి టబ్బుల వాటా 1,600, డ్రిల్లుల వాటా 400. అప్పటికి 4,000 టబ్బుల్లో 3,000 అమ్ముడైపోయి వెయ్యి మాత్రమే మిగిలాయి. అంచనాతో టబ్బు 8.86 చొప్పున పుస్తకంలో ఉంది.

ఇక్కడ రెండు తప్పులకు అవకాశం ఉంది, రెండూ నేను చేసినవే. ఆ 1,600 మొత్తాన్ని మిగిలిన వెయ్యి టబ్బుల మీద ఎక్కిస్తే ఒక్కోటి 10.46 అవుతుంది, ఎవరికో అమ్మేసిన టబ్బుల లారీ కిరాయిని గోదాములో ఉన్న టబ్బులు మోస్తాయి. అలా కాక మొత్తం ఖర్చు రాసేస్తే మిగిలినవి 8.86 దగ్గరే తక్కువగా నిలిచిపోతాయి. సరైనది నాలుగు వేలకూ సమంగా 0.40 చొప్పున వేసి, అమ్ముడైన మూడు వేల వాటా 1,200ను అమ్మిన సరుకు ఖర్చులోకి, మిగిలిన వెయ్యి వాటా 400ను స్టాక్‌లోకి పంపడం. టబ్బు 9.26 దగ్గర నిలబడుతుంది. డ్రిల్లుల 400ను కూడా ఇలాగే ఎన్ని మిగిలాయో చూసి విడగొట్టాలి. మొదట వచ్చింది మొదట పోతుందనే పద్ధతిలో ఏ షిప్‌మెంటు యూనిట్లు ఎన్ని మిగిలాయో నేరుగా తెలుస్తుంది. సగటు ధర పద్ధతిలో పాత స్టాకూ కొత్త స్టాకూ కలిసిపోతాయి కాబట్టి షిప్‌మెంటు వచ్చిన తేదీ నుంచి కదలికలను చూసి ఒక సమంజసమైన అంచనాకు రావాలి, అంతకు మించి ఖచ్చితత్వం దానిలో దొరకదు.

ఆలస్యపు బిల్లులను ఎంతకాలం స్టాక్‌లోకి వెనక్కి పంపాలన్న దానికి నేను పెట్టుకున్న హద్దు ఏమిటంటే, ఆ షిప్‌మెంటు యూనిట్లలో పదో వంతుకు లోపు మిగిలినప్పుడు, మొత్తం కూడా చిన్నదే అయినప్పుడు, నేరుగా అమ్మిన సరుకు ఖర్చులోకి వేసేస్తాను. ఇది ప్రమాణం చెప్పింది కాదు, నా సౌకర్యం కోసం పెట్టుకున్నది, ఆడిటరుకు ముందే చెప్పి ఒప్పించుకున్నది.

సంవత్సరాంతానికి గోదాములో ఆ వెయ్యి టబ్బులు అలాగే ఉన్నాయి. 9.255 చొప్పున పుస్తక విలువ 9,255. బజారులో 8 కన్నా పలకవు, అమ్మడానికి ఒక్కోదానికి 0.30 ఖర్చవుతుంది, కాబట్టి నికరంగా చేతికొచ్చేది 7.70. స్టాక్‌ను ఖర్చు, నికర అమ్మకపు విలువ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దానికే చూపాలి కాబట్టి 1,555 తగ్గించి 7,700కు దించాలి. పాత పద్ధతిలో అవే టబ్బులు 6.49 దగ్గర ఉండేవి, 7.70 కన్నా తక్కువే కాబట్టి తగ్గింపు అవసరమే కనిపించేది కాదు. పక్క ర్యాకులో ఉన్న డ్రిల్లులు మాత్రం ఒక్కోటి 11 చొప్పున ఎక్కువ విలువతో కూర్చుని ఉండేవి.